ఇగ్వానా ఎముకలకు ఏది మేలు: మిద్దె మీది ఎండా, యూవీబీ ట్యూబా, డీ3 చుక్కలా?

అనంతపురం, కర్నూలు, కడప వైపు ఇళ్లలో గ్రీన్ ఇగ్వానా అనే ఆకులు తినే పెద్ద బల్లిని పెంచేవాళ్లు కొద్దిమందే అయినా వాళ్లందరి ప్రశ్న ఒకటే: "ఇంత ఎండ కాసే ఊళ్లో వేలు పోసి లైటు కొనాలా? మెడికల్ షాపులో దొరికే విటమిన్ డీ వేస్తే సరిపోదా?" నా జవాబు ముందే చెప్పేస్తాను. మిద్దె ఉన్నవాళ్లకు పొద్దుటి ఎండే మొదటి ఎంపిక. మిద్దె లేనివాళ్లకు, పొద్దున తీరిక దొరకనివాళ్లకు ఎండలోని యూవీబీ కిరణాలను ఇచ్చే మంచి ట్యూబు లైటు. నోటి ద్వారా ఇచ్చే విటమిన్ డీ3ని మాత్రం ఈ రెండింటికి బదులుగా ఎప్పుడూ ఎంచుకోవద్దు. ఏది ఎంచుకున్నా కాల్షియం విడిగా ఇవ్వాల్సిందే. అలా ఎందుకో తెలియాలంటే ముందు ఇగ్వానా ఎముకలు మెత్తబడే జబ్బు ఎలా మొదలవుతుందో తెలియాలి.

ఇగ్వానా తిన్న కాల్షియం పేగు నుంచి రక్తంలోకి చేరాలంటే విటమిన్ డీ3 కావాలి. ఆ డీ3 దాని చర్మంలోనే తయారవుతుంది. ఎండలో ఉండే యూవీబీ కిరణాలు చర్మం మీద పడితే ముందు ఒక ముడి రూపం పుడుతుంది, ఒంటి వెచ్చదనానికి అది డీ3గా మారుతుంది, ఆ తర్వాత కాలేయం, మూత్రపిండాలు దాన్ని పనికొచ్చే హార్మోనుగా మారుస్తాయి. అంటే వెలుగు, వేడి రెండూ కావాలి. వీటిలో ఏది తగ్గినా, లేదా తిండిలో కాల్షియమే లేకపోయినా, రక్తంలో కాల్షియం పడిపోవడం మొదలవుతుంది. గుండె, కండరాలు ఆగిపోకుండా ఉండాలి కాబట్టి పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోని కాల్షియాన్ని కరిగించి రక్తంలోకి లాగుతుంది. ఖాళీ అయిన ఎముకలో మెత్తని పీచు కణజాలం నిండుతుంది.

అందుకే ఈ జబ్బు చాలాకాలం బయటపడదు. ఎముకలను తిని రక్తం తన లెక్క సరిచేసుకుంటూ ఉంటుంది కాబట్టి రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపించవచ్చు. ఇంకో మోసం తొడల్లో ఉంటుంది. ఎముక బలహీనపడి, చుట్టూ పీచు పేరుకుని తొడలు ఉబ్బితే "బాగా ఒళ్లు చేసింది" అని ఇంటివాళ్లు సంతోషిస్తారు. తోక, వెన్ను సన్నగా ఉండి తొడలు మాత్రం గట్టిగా, గుండ్రంగా కనిపిస్తే అది బలుపు కాదు. కింది దవడ మెత్తబడి వంగడం, నడిచేటప్పుడు పొట్ట నేలకు ఆనడం, వెన్నులోనో తోకలోనో వంకర రావడం దీని తరువాతి మెట్లు. కాలివేళ్లు వాటంతట అవే అదురుతుంటే రక్తంలో కూడా కాల్షియం పడిపోతోందని అర్థం. అప్పుడిక లైటు కొందామా, ఎండలో పెడదామా అని ఆలోచించే సమయం కాదు, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఒక ఇంటి సంగతి తీసుకుని చూద్దాం, ఎందుకంటే మన వైపు జరిగేది దాదాపు ఇదే. అనంతపురంలో రెండో అంతస్తు అద్దె ఇల్లు. పది నెలల ఇగ్వానా, బరువు 180 గ్రాములు. తూర్పు కిటికీ పక్కన గాజు తొట్టె. పొద్దున తొమ్మిది దాకా ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. రాత్రికి ఎర్ర బల్బు. తిండి పాలకూర, కీరా, అప్పుడప్పుడు అరటిపండు. బాగా తింటుంది, చురుగ్గానే ఉంటుంది. ఒకరోజు ముందుకాలి వేళ్లు అదరడం చూసి ఇంటి కుర్రాడు భయపడ్డాడు. వాళ్లమ్మకు అర్థం కానిది ఒకటే: "రోజూ ఎండలోనే ఉంది కదప్పా?"

లేదు. కిటికీ అద్దం కనబడే వెలుగునూ, వేడినీ లోపలికి రానిస్తుంది గానీ యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. తొట్టె గాజూ అంతే. పారదర్శకంగా ఉండే ఫైబర్ షీట్లు, పాలీకార్బొనేట్ కూడా అంతే. ఆ జంతువు పది నెలలుగా వెలుగులో ఉంది, వెచ్చగా ఉంది, యూవీబీ మాత్రం ఒక్కరోజూ దానికి అందలేదు. తిండి చూస్తే 100 గ్రాముల పాలకూరలో కాల్షియం 80 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం ఆ ఆకులోనే ఉండే ఆగ్జలేట్ అనే పదార్థంతో ముడిపడిపోయి ఒంటికి అందదు. కీరాలో ఉన్నదంతా నీళ్లే. అరటిపండులో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ ఎక్కువ. రెండు తలుపులూ ఒకేసారి మూసుకున్నాయి.

ఇప్పుడు ఎంపికల దగ్గరికి వద్దాం. ఎక్కువసేపు ఎండ దగ్గరే ఆగుతాను, ఎందుకంటే మనకు ఊరికే దొరికేది అదే, సరిగా వాడకపోతే జంతువును చంపేదీ అదే.

ఎండకు ఉన్న పెద్ద గుణం, చర్మంలో డీ3 అవసరానికి మించి తయారు కాదు. మోతాదు దాటితే అదే వెలుగు మిగిలిన ముడి రూపాన్ని పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది. ఎండతో విటమిన్ డీ విషమవడం అనేది ఉండదు. ఏ ట్యూబూ ఎండతో పూర్తిగా సమానం కాదు. మన ఎండతో ఉన్న చిక్కల్లా వేడి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. పది గంటలకు మిద్దె మీద కడప బండ మీద అరికాలు పెట్టలేం. బోనును ఆ బండ మీదే దించితే ఇగ్వానా పొట్ట కాలిపోతుంది. గాజు తొట్టెను మాత్రం ఎండలోకి ఎప్పుడూ తీసుకెళ్లొద్దు, పావుగంటలోనే అందులోని వేడి ప్రాణం తీసేంతకు చేరుతుంది.

బోను ఇనుప జాలీతో ఉండాలి, కన్నం అర అంగుళమైనా ఉంటే మంచిది. దోమల జాలీ, పచ్చ షేడ్‌నెట్ యూవీబీలో చాలా భాగాన్ని మింగేస్తాయి. బోనును స్టూలు మీదో ఇటుకల మీదో ఎత్తి పెట్టండి. సగం భాగం మీద తడిపిన గోనెపట్టా కప్పండి. మిగతా సగం తెరిచి ఉంచండి. ఇగ్వానా ఎండలోకి రావాలా, నీడలోకి పోవాలా అన్నది దాని ఇష్టానికే వదలాలి. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే, రంగు బాగా పాలిపోతుంటే వేడి మించిందని లెక్క, వెంటనే లోపలికి తేవాలి. దాన్ని ఒంటరిగా వదిలి కిందికి దిగొద్దు. గద్దలు, పిల్లులు, కోతులు మన మిద్దెల మీదికి రాని ఊరేదీ లేదు.

ఎప్పుడు పెట్టాలి? దీనికి మీటరు అవసరం లేదు, మీ నీడ చాలు. నీడ మీ ఎత్తుకు రెండింతలు ఉన్నప్పుడు, ఎండలోని యూవీ బలాన్ని చెప్పే యూవీ సూచిక 2 దగ్గర ఉంటుంది. నీడ మీ ఎత్తుకు సమానమయ్యేసరికి అది 5 దాకా పోతుంది. ఆకాశం తేటగా ఉన్నప్పటి లెక్క ఇది. గ్రీన్ ఇగ్వానాకు సరిపడే మేర ఈ రెండింటి మధ్యే ఉంటుంది. వేసవిలో మన దగ్గర అది దాదాపు ఏడున్నర నుంచి తొమ్మిది లోపు, చలికాలంలో తొమ్మిది నుంచి పదిన్నర. ఇంకా పొద్దున్నే, మీ ఎత్తుకు రెండింతలకన్నా పొడవు నీడ పడే లేత ఎండలో పెడితే వెచ్చదనం దొరుకుతుంది గానీ యూవీబీ పెద్దగా ఉండదు. "సూర్యోదయం ఎండే మంచిది" అనే మాట ఇక్కడ పనికిరాదు. వారానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి ముప్పావుగంట లోపు చాలు. రెండు మూడు రోజులు ముసురు పట్టినా కంగారు లేదు, తయారైన డీ3 నిల్వ ఒంట్లో వారాల పాటు ఉంటుంది. రాష్ట్రంలో వాన అతి తక్కువ కురిసే జిల్లా అనంతపురం కాబట్టి ఈ పద్ధతి మనకు నిలుస్తుంది. ఎడతెగని వానలు కురిసే ఊరికి నేనీ సలహా ఇవ్వను.

ఇక ట్యూబు. మిద్దె మీదికి వెళ్లే వీలు లేని అపార్టుమెంటువాళ్లకు, ఏడున్నరకే డ్యూటీకి పోయేవాళ్లకు ఇదే దారి. కొనాల్సింది పొడవాటి, సన్నని టీ5 హెచ్‌ఓ ట్యూబు, అంటే ఎక్కువ బలంగా వెలిగే రకం, అందులో యూవీబీ 10 లేదా 12 శాతం ఉన్నది. స్క్రూ హోల్డరులో బిగించే చిన్న కాంపాక్టు బల్బు చవక కానీ దాని యూవీబీ ఒక్క చోటే పడుతుంది. అడుగు దాటి పెరిగే ఇగ్వానాకు తల ఒక్కటే వెలుగులో ఉండి ఒళ్లంతా చీకట్లో ఉన్నట్టే. ట్యూబు పొడవు బోను పొడవులో సగానికి తగ్గకూడదు. అది కూర్చునే కొమ్మ నుంచి 30 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తున, పైనుంచి వెలుగు పడేలా బిగించాలి. పక్కనుంచి పడితే కళ్లు దెబ్బతింటాయి. మధ్యలో గాజు ఉండకూడదు, సన్నని జాలీ ఉన్నా యూవీబీలో మూడో వంతో, అంతకన్నా ఎక్కువో పోవచ్చు. వేడి ఇచ్చే బల్బు కూడా ఆ కొమ్మ పైనే ఉండాలి, ఆ చోట 35 డిగ్రీలు రావాలి. వెలుగు ఒక మూల, వేడి ఇంకో మూల పెడితే ఇగ్వానా వేడి దగ్గరికే పోయి కూర్చుంటుంది, ట్యూబు వృథా.

ఆన్‌లైన్‌లో తెప్పించేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు. టీ5 హెచ్‌ఓ ట్యూబు మన ఇంట్లో ఉండే మామూలు ట్యూబు పట్టీలో వెలగదు, దానికి తగిన బ్యాలస్ట్ ఉన్న పట్టీ కావాలి. విదేశం నుంచి వచ్చే కొన్ని పట్టీలు 110 వోల్టులకు చేసినవి, మన 230లో పెట్టగానే కాలిపోతాయి. కాబట్టి కొనే ముందు వోల్టేజీ అడగండి. ఇంకొకటి, ట్యూబు కళ్లకు బాగానే వెలుగుతున్నా యూవీబీ లోపల్లోపల తగ్గిపోతూ ఉంటుంది. టీ5ను ఏడాదికి, పాత లావు టీ8ను ఆరు నెలలకు మార్చాలి. బిగించిన తేదీ పట్టీ మీదే మార్కరుతో రాసిపెట్టండి.

"యూవీ" అని రాసి ఉన్న ప్రతి లైటూ యూవీబీ ఇవ్వదు. ఊదారంగు పార్టీ లైటు, అక్వేరియం నీలం లైటు ఎముకలకు ఏమీ చెయ్యవు. ఎర్ర రాత్రి బల్బు ఇచ్చేది వేడి మాత్రమే. అన్నిటికన్నా భయపడాల్సింది నీళ్ల ఫిల్టరులో, క్రిములు చంపే పెట్టెల్లో ఉండే యూవీ ట్యూబుకు. అది యూవీసీ. బోను మీద పెడితే జంతువు కళ్లూ చర్మమూ కాలిపోతాయి, గదిలో ఉన్న మీ కళ్లు కూడా. పాత ఫిల్టరు ట్యూబు ఊరికే పడుంది కదా అని ఎవరూ ఆ పని చెయ్యొద్దు.

మూడో ఎంపిక నోటి ద్వారా డీ3. వినడానికి ఇదే సులభం. ఇగ్వానాల్లో దీని మీద ఆధారపడలేం, యూవీబీ లేకుండా తిండిలో డీ3 కలిపి పెంచిన ఇగ్వానాల్లో కూడా ఈ జబ్బు కనిపిస్తుంది. పైగా చర్మంలో ఉన్న హద్దు కడుపులో లేదు. ఎక్కువైతే ఎక్కువే ఒంటికి పడుతుంది, కాల్షియం పోయి రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో గట్టిపడుతుంది. మన మెడికల్ షాపుల్లో తేలిగ్గా దొరికేది 60,000 యూనిట్ల డీ3 పొట్లం. 60 కిలోల మనిషికి అది కిలోకు 1,000 యూనిట్లు, అదీ వారానికి ఒకసారి. పైన చెప్పిన 180 గ్రాముల ఇగ్వానాకు ఆ పొట్లంలో పదో వంతు వేసినా కిలోకు 33,000 యూనిట్ల పైమాటే. "ఒక చిటికె వేస్తే ఏమవుతుంది" అనేవాళ్లకు ఈ లెక్క చూపించండి. డీ3 మందుగా అవసరమైతే బరువు తూచి, మోతాదు రాసి ఇవ్వాల్సింది డాక్టరే.

కాల్షియంలోనూ ఎంచుకోవాలి. ఎండో ట్యూబో సరిగా అందుతున్న జంతువుకు డీ3 కలపని, ఫాస్ఫరస్ లేని కాల్షియం కార్బొనేట్ పొడి చాలు. పెరిగే వయసులో చాలా రోజులు తిండి మీద ఒక చిటికె, పెద్దదయ్యాక వారానికి రెండు మూడుసార్లు. కంపెనీ పొడి దొరక్కపోతే కోడిగుడ్డు పెంకు అదే పని చేస్తుంది. ఉడికించి, లోపలి పొర తీసి, ఆరబెట్టి, మిక్సీలో మైదాలా మెత్తగా పట్టి జల్లించాలి. పశువుల కాల్షియం డబ్బాలో ఫాస్ఫరస్, డీ3 కలిసి ఉంటాయి, అది పాడి గేదె లెక్కకు చేసింది. దాణాలో కలిపే డీసీపీలోనూ ఫాస్ఫరస్ ఉంది. తిండిలో ఫాస్ఫరస్‌కు రెట్టింపు కాల్షియం ఉండాలన్నది మన లక్ష్యం కాబట్టి ఈ రెండూ వద్దు. తాంబూలం సున్నం అసలే వద్దు, నోరూ గొంతూ కాలుస్తుంది.

ఆకుల విషయంలో మాత్రం రాయలసీమవాళ్లకు కొరత లేదు. 100 గ్రాముల అవిశాకులో కాల్షియం 900 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది, దానితో పోలిస్తే ఫాస్ఫరస్ చాలా తక్కువ. కడప వైపు తమలపాకు తోటల్లో తీగకు ఊతంగా నాటేది ఈ చెట్టునే. కాకపోతే తోట ఆకు మీద మందు కొట్టారేమో అడిగి తెచ్చుకోవాలి. మునగాకులో 300 మిల్లీగ్రాముల పైనే. హిందూపురం, మడకశిర వైపు పట్టుపురుగుల కోసం వేసే మల్బరీ ఆకు ఇగ్వానాకు బాగా ఇష్టం. మందు పడిన ఆకు తింటే పట్టుపురుగే చచ్చిపోతుంది కాబట్టి ఆ రైతులు ఈ విషయంలో జాగ్రత్తగా ఉంటారు, నాకు నమ్మకమైన ఆకు అదే. రోజూ ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉండాలి. సొరకాయ, బీన్స్, మందారం పూలు, ఆకులు పైన కలపొచ్చు. పాలకూర, తోటకూర, గోంగూర ఎప్పుడో ఒకసారి మాత్రమే.

ఆ అనంతపురం ఇంటికి మళ్లీ వద్దాం. వేళ్లు అదురుతున్నాయి కాబట్టి ముందు వైద్యం. మన పశువుల ఆసుపత్రుల్లో ఇగ్వానాలు అరుదు, అందుకని ఫోన్ చేసి సరీసృపాలను చూస్తారా అని అడిగి వెళ్లడం మంచిది. పొద్దుటూరులో, తిరుపతిలో పశువైద్య కళాశాలలున్నాయి, అక్కడా విచారించొచ్చు. తీసుకెళ్లేటప్పుడు చేత్తో నలపకుండా, తోక పట్టి ఎత్తకుండా, తువ్వాలు పరిచిన అట్టపెట్టెలో పెట్టాలి. మెత్తబడిన తొడ ఎముక పట్టుకున్న పట్టుకే విరుగుతుంది. ఎక్స్‌రే తీయించమని అడగండి. ఎముకల అంచులు దారంలా సన్నబడటం, పాత విరుగుళ్లు అందులో కనిపిస్తాయి. అదురు ఉన్నప్పుడు డాక్టరు కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్, సెలైన్ ఇస్తారు, అదురు ఆగాక నోటి ద్వారా కాల్షియం. ఇంజెక్షన్ ఇంట్లో చేయబోకండి.

ఇంటికొచ్చాక వాళ్లకు సరిపోయే ఎంపిక ఏది? కుర్రాడు కాలేజీకి ఎనిమిదికి పోతాడు, మిద్దె ఇంటి ఓనరుది, తాళం వాళ్ల దగ్గరే. కాబట్టి ఈ ఇంటికి ట్యూబే ఆధారం, ఆదివారాలు, సెలవు రోజులు ఓనరును అడిగి మిద్దె మీది ఎండ. గాజు తొట్టె తీసేసి జాలీ తలుపున్న చెక్క బోను. ఎముకలు గట్టిపడేదాకా కొమ్మలు కిందికి దించాలి, ఎత్తునుంచి పడితే విరుగుతాయి. తిండిలో పాలకూర, అరటిపండు ఆపి మునగాకు, మల్బరీ, పైన గుడ్డు పెంకు పొడి. అదురు కొన్ని రోజుల్లోనే తగ్గొచ్చు, దాన్ని చూసి నయమైందనుకోకూడదు. ఎముక మళ్లీ నిండడానికి నెలలు పడుతుంది. రెండు నెలలకు ఇంకో ఎక్స్‌రే తీసి మొదటిదాని పక్కన పెట్టి చూడాలి. ఈలోగా వారం వారం వంటింటి తక్కెడ మీద బరువు తూచి రాయండి. వంగిన దవడ, వెన్నులోని వంకర తిరిగి సాఫీ కావు, కానీ అవి గట్టిపడ్డాక జంతువు మామూలుగానే తిని తిరగగలదు.

ఇళ్లలో పెంచే మిగతా సరీసృపాల గురించి క్లుప్తంగా. అక్వేరియం షాపుల్లో అమ్మే ఎర్రచెవుల తాబేలుకు, బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లికి ఎండ, ట్యూబు లెక్క దాదాపు ఇదే. తాబేలు పెంకు నొక్కితే లోపలికి పోతుంటే అది ఇదే జబ్బు. దాన్ని గాజు కాని తొట్టెలోనే ఎండలో పెట్టాలి, అందులో లోతైన నీళ్లు, నీడ తప్పనిసరి. లెపర్డ్ గెక్కో అనే చిన్న బల్లి మాత్రం వేరు. అది సంధ్యవేళ తిరిగే జీవి, బలమైన ట్యూబు దానికి కీడు చేస్తుంది. దానికి పురుగుల మీద చల్లే డీ3 కలిసిన కాల్షియం పొడి నిజంగానే పనిచేస్తుంది, తోడుగా తక్కువ శాతం యూవీబీ ఉంటే ఇంకా మేలు. నక్షత్ర తాబేలును, మన చెరువు తాబేళ్లను, ఉడుమును ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, అవి దొరికితే అటవీశాఖకు అప్పగించాలి. గ్రీన్ ఇగ్వానా 2022 సవరణ తర్వాత ఆ చట్టంలోని నాలుగో షెడ్యూలులోకి, అంటే అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు ఉన్న జాతుల జాబితాలోకి వచ్చింది, కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించి ఆ కాగితం దగ్గర ఉంచుకోండి.